బ్యానర్‌లో ఒక్క పదం సరిచేస్తే ట్రయల్ ఎందుకు పోయింది?

*"సార్, డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఫోటోషాప్ బాగానే వచ్చు. ఒక ప్రింటింగ్ షాపులో డిజైనర్ ఉద్యోగానికి ట్రయల్‌గా బట్టల దుకాణం ఓపెనింగ్ బ్యానర్ PSD ఫైల్ ఇచ్చారు. సైజు 10×4 అడుగులు, ఫ్రేముకు కొట్టేది. హెడ్డింగ్‌లో 'ప్రారంభోస్తవం' అని ఉంటే సరిచేశాను. క్వాలిటీ బాగుండాలని రిజల్యూషన్ 72 నుంచి 300 చేశాను, సిస్టమ్ హ్యాంగ్ అయింది. చివరికి జేపీజీ చేసి వాట్సాప్‌లో పంపాను. ఓనర్ చూసి 'బ్లీడ్ ఏదమ్మా? రిజల్యూషన్ ఏమైంది?' అని, సోమవారం మళ్లీ చేసి తెమ్మన్నారు. స్పెల్లింగ్ కరెక్టుగానే మార్చాను కదా, ఇంకేం కావాలి?"*

మళ్లీ తెమ్మన్నారంటే మీ మీద ఆ ఓనర్‌కు ఇంకా ఆశ ఉన్నట్టే, టెన్షన్ వద్దు. తప్పు పదాన్ని పట్టుకోగలరా లేదా అన్నది ఆయనకు అసలు ప్రశ్న కాదు, అది షాపులో ఎవరైనా పట్టుకుంటారు. దాన్ని మార్చాక ఫైల్ నేరుగా మెషిన్‌కు వెళ్లేలా ఇవ్వగలరా అన్నది ఆయన చూస్తున్నారు.

ముందు రిజల్యూషన్ సంగతి. 10 అడుగులంటే 120 అంగుళాలు, 4 అడుగులంటే 48. అంగుళానికి 72 పిక్సెల్స్ చొప్పున మీకిచ్చిన ఫైల్ 8640×3456 పిక్సెల్స్. రోడ్డు మీద పది పదిహేను అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. 300 అనేది చేతిలో పట్టుకుని చూసే పాంప్లెట్‌కు, పెళ్లి కార్డుకు. బ్యానర్‌కు 300 పెడితే వెడల్పు 36,000 పిక్సెల్స్ అవుతుంది. ఫోటోషాప్ మామూలు PSD ఒక్కో వైపు 30,000 దాటితే సేవ్ కాదు. అంత పెద్ద ఫైల్‌కు మీ సిస్టమ్ హ్యాంగ్ అవడంలోనూ వింతేమీ లేదు. పైగా అలా పెంచినంత మాత్రాన ఫోటోలో లేని వివరం కొత్తగా రాదు, ఉన్న పిక్సెల్స్ మధ్య సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, అంతే.

ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. కొందరు డిజైనర్లు పదో వంతు సైజులో, అంటే 12×4.8 అంగుళాల్లో, 720 పెట్టి చేస్తారు. లెక్క వేసి చూడండి, అదీ 8640×3456 పిక్సెల్సే. కాబట్టి 72 అని కనిపించగానే తక్కువనీ, 720 అని కనిపించగానే ఎక్కువనీ అనుకోకుండా, మొత్తం పిక్సెల్స్ ఎన్ని, అచ్చయ్యే సైజు ఎంత అని రెండూ కలిపి చూడాలి.

మీ అసలు నష్టం వాట్సాప్‌లో జరిగింది. మామూలు ఫోటోలా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది. పొడవు వైపు 1600 పిక్సెల్స్‌కు దిగిందనుకుందాం. 1600ని 120తో భాగిస్తే అంగుళానికి 13 పిక్సెల్స్ మాత్రమే మిగిలాయి. ఫ్లెక్సీ మీద ఒక్కో పిక్సెల్ దాదాపు 2 మిల్లీమీటర్ల గడి. అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తాయి. ఫోన్ తెరమీద మాత్రం చక్కగానే ఉంటుంది, అందుకే చాలామంది మోసపోతారు. వాట్సాప్‌లోనే పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, లేదంటే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

ఇక బ్లీడ్. కాగితం పనిలో కటింగ్ అటూ ఇటూ జరిగినా తెల్ల గీత పడకుండా చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువ ఉంచుతారు. ఫ్రేముకు కొట్టే ఫ్లెక్సీకి ఆ 3 మిల్లీమీటర్లు ఎందుకూ పనికిరావు. దాన్ని లాగి ఫ్రేము వెనక్కి మడిచి బిగిస్తారు కదా, ఆ మడత కోసం నాలుగు వైపులా చోటు ఉండాలి. ఎంతన్నది ఫ్రేము మందాన్ని బట్టి షాపువాళ్లే చెబుతారు, అడగడానికి మొహమాటపడకండి. 3 అంగుళాలన్నారనుకోండి, ఫైల్ 126×54 అంగుళాలు కావాలి, అంటే 9072×3888 పిక్సెల్స్.

ఇక్కడే కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. `Image > Image Size`లోకి వెళ్లి 126 అని కొడతారు. దాంతో డిజైన్ మొత్తం పెరుగుతుంది, హెడ్డింగ్ కూడా అంచుతోపాటే జరుగుతుంది, మడతకు మిగిలేది ఏమీ ఉండదు. వెళ్లాల్సింది `Image > Canvas Size`లోకి. అక్కడ యాంకర్ మధ్యలో ఉంచి కొత్త కొలతలు ఇస్తే డిజైన్ కదలదు, చుట్టూ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలోకి బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను మాత్రమే సాగదీయండి. రంగు గానీ గ్రేడియంట్ గానీ అయితే నిమిషం పని. అంచున చీరల ఫోటో ఉంటే అంచు భాగాన్ని కాపీ చేసి అద్దంలో లాగా తిప్పి అతికించవచ్చు, అది ఎలాగూ మడతలోకి పోతుంది. అంచున మనిషి ముఖం ఉంటే మాత్రం అలా చేయొద్దు, ఫోటోనే లోపలికి జరపండి.

స్పెల్లింగ్‌కూ దీనికీ సంబంధం ఉంది, మీరు గమనించనిది బహుశా ఇదే. తప్పు పదంలో స కింద త వత్తు ఉంది. సరైన 'ప్రారంభోత్సవం'లో త కింద స వత్తు వస్తుంది. చాలా ఫాంట్లలో స వత్తు కాస్త ఎక్కువ చోటు తీసుకుని మరింత కిందికి దిగుతుంది. హెడ్డింగ్ అక్షరాలు అడుగు ఎత్తున ఉన్నప్పుడు ఆ 'కాస్త' అంటే అంగుళం దాకా ఉండొచ్చు. కింద లైనులో ఉన్న తేదీకి అది తగిలిందా, పదం వెడల్పు మారి పక్కనున్న లోగో మీదికి వచ్చిందా చూసుకోండి. పైన గుడి, ఓత్వం, కింద వత్తు ఉండే లిపి మనది. అంచు నుంచి ఎంత లోపల ఉన్నామో కొలిచేటప్పుడు అక్షరం ఒంటి నుంచి కాదు, ఆ కొసల నుంచి కొలవాలి. మడత గీతకు రెండు మూడు అంగుళాల లోపలే అన్నీ ఆగిపోతే నిశ్చింత.

ఒక్క అక్షరాన్ని చెరిపి పక్కన అతికించే పని చేయకండి, దళసరి తేడా ఎండలో కూడా తెలిసిపోతుంది. టెక్స్ట్ లేయర్‌లోనే పదం మొత్తం మళ్లీ టైప్ చేయండి. ఫైల్‌ను 'అను' తెలుగు ఫాంట్లలో చేసి ఉండి, అవి మీ సిస్టమ్‌లో లేకపోతే, ఫాంట్ మిస్సింగ్ అని చూపిస్తుంది. అప్పుడు వేరే ఫాంట్‌కు ఒప్పుకుంటే హెడ్డింగ్ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గందరగోళం అవుతుంది. రద్దు చేసి, ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్ మీదే మార్చండి. యూనికోడ్ ఫాంటయితే వత్తులు విడిపోయి పక్కన కూర్చున్నాయేమో చూడండి. విడిపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో `World-Ready` ఆప్షన్ ఎంచుకుంటే చాలాసార్లు సర్దుకుంటుంది.

సోమవారానికి ముందు ఇంకో పని చేయండి. సరిచేసిన పదం దగ్గర 842×595 పిక్సెల్స్ ముక్క కట్ చేసి, A4 కాగితం మీద 100 శాతం సైజులో ప్రింట్ తీయండి. 72 దగ్గర అది సరిగ్గా A4 అంతే. గోడకు అంటించి పది అడుగులు వెనక్కి జరిగి చూడండి. ఫ్లెక్సీ మీద ఆ అక్షరం ఎంత పదునుగా ఉంటుందో అప్పుడే అర్థమవుతుంది.

ఓనర్‌కు ఇచ్చేటప్పుడు లేయర్లున్న PSD ఒకటి, ఎక్కువ క్వాలిటీతో సేవ్ చేసిన జేపీజీ గానీ TIFF గానీ ఒకటి, రెండూ ఇవ్వండి. ఫైల్ పేరులోనే కనిపించే సైజు, మడతతో కలిపిన సైజు రాయండి. ఆ A4 ముక్క కూడా పట్టుకెళ్లండి. పనిలో పనిగా దుకాణం ఫోన్ నంబరు, ఓపెనింగ్ తేదీ, ఆ తేదీకి వారం సరిపోతుందా లేదా అన్నవి కూడా చూడండి. ట్రయల్ ఫైళ్లలో కావాలనే రెండో తప్పు దాచే ఓనర్లు ఉన్నారు.