హోమ్ ఉన్న లాప్‌టాప్‌కి ప్రో వేయించాలా?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి దగ్గర పల్లె, చీనీ తోట ఉంది. మావాడికి అనంతపురంలో సీఎస్ఈ సీటు వచ్చింది. లాప్‌టాప్ కొన్నాం, అందులో విండోస్ 11 హోమ్ వచ్చింది. వాడు సైబర్ సెక్యూరిటీ కోర్సులో కూడా చేరతానంటున్నాడు. ఆ కోచింగ్ వాళ్లు ప్రో ఉండాల్సిందే అన్నారంట. షాపతను ఫార్మాట్ చేసి ప్రో వేసిస్తా, పదిహేను వందలు ఇవ్వండి అంటున్నాడు. హోమ్‌తో ఉంటే మావాడు వెనకబడతాడా?

జవాబు: వెనకబడడు అన్నా. ఆ ఫార్మాట్ మాత్రం చేయించొద్దు.

కాలేజీలు తెరిచే రోజుల్లో ఈ మాట నన్ను అడగని తండ్రి లేడు. ఒకరు ప్రో కావాలా అంటారు, ఇంకొకరు ఐ7 కావాలా అంటారు. అందరి భయం ఒకటే. హైదరాబాద్ పిల్లల పక్కన కూర్చుంటే మన పిల్లోడి దగ్గర ఏదో ఒకటి తక్కువ ఉంటుందేమోనని. విండోస్ విషయంలో ఆ భయం అక్కర్లేదు. సీ, జావా, పైథాన్ ఏదైనా హోమ్, ప్రో రెండింటిలోనూ ఒకేలా నడుస్తుంది. ప్రో వేస్తే మెషీన్ వేగం పెరగదు.

ప్రోలో అదనంగా ఉన్నవి ఎక్కువగా ఆఫీసుల కోసం పెట్టినవి. ఒక ఆఫీసులో రెండు వందల కంప్యూటర్లు ఉంటే వాటన్నిటినీ ఒకే డొమైన్‌లో చేర్చి, ఎవరు ఏం చేయొచ్చో ఒకే చోటి నుంచి నిర్ణయించాలి. దానికి డొమైన్ జాయిన్, గ్రూప్ పాలసీ కావాలి. అవి హోమ్‌లో లేవు. బయటి నుంచి మీ మెషీన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావాలన్నా మీ మెషీన్‌లో ప్రో ఉండాలి. హోమ్ నుంచి వేరే మెషీన్‌లోకి వెళ్లడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఇవి కాక డిస్క్‌ని లాక్ చేసే బిట్‌లాకర్ పూర్తి సెట్టింగులు, హైపర్-వి, అనుమానం ఉన్న ప్రోగ్రాంని విడిగా నడిపి చూసే శాండ్‌బాక్స్ ఉంటాయి. మొదటేడు విద్యార్థికి వీటిలో పనికొస్తుందేమో అనిపించేది హైపర్-వి ఒక్కటే. కోచింగ్ వాళ్లు పట్టుకున్నది కూడా దాన్నే అయ్యుంటుంది.

హైపర్-వి అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపించే ఏర్పాటు. ఆ పని హోమ్‌లో వర్చువల్‌బాక్స్ ఉచితంగా చేస్తుంది. లినక్స్ కావాలంటే హోమ్‌లోనే, టెర్మినల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఈ ఒక్క లైన్ కొట్టి, మెషీన్ రీస్టార్ట్ చేస్తే ఉబుంటు అనే లినక్స్ వస్తుంది:

```
wsl --install
```

ఇది పనిచేయకపోతే తప్పు హోమ్‌ది అనుకోవద్దు. టాస్క్ మేనేజర్‌లో Performance, దాని కింద CPU తెరిస్తే Virtualization అన్న మాట పక్కన Disabled అని ఉందేమో చూడమనండి. ఉంటే విండోస్ మొదలవకముందే తెరిచే బయోస్ సెట్టింగుల్లో దాన్ని ఆన్ చేసుకోవాలి. ప్రో వేసినా ఆ పని తప్పదు. డొమైన్ మీద ప్రాక్టీసు చేసే రోజు వచ్చినా, మైక్రోసాఫ్ట్ 180 రోజులకు విండోస్ సర్వర్‌ని, 90 రోజులకు విండోస్ ఎంటర్‌ప్రైజ్‌ని పరీక్షించి చూసుకోవడానికి ఉచితంగానే ఇస్తుంది. ఆ రెండింటినీ వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకుంటే చాలు.

వాడికి నిజంగా అడ్డొచ్చేది ర్యామ్. 8 జీబీ మెషీన్‌లో విండోస్, బ్రౌజర్ కలిసే సగం పైన తినేస్తాయి. వర్చువల్‌బాక్స్‌లో హ్యాకింగ్ ప్రాక్టీసుకు వాడే కాలీ లినక్స్‌కి 2 జీబీ ఇస్తే ఎలాగోలా నడుస్తుంది. దాని పక్కన దాడి చేసి చూడడానికి ఇంకో మెషీన్ తెరిస్తే అంతా బిగుసుకుపోతుంది. ఆ పదిహేను వందలు పక్కన పెట్టి, లాప్‌టాప్‌లో ఇంకో ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందేమో అడగండి. కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు.

ఇక ఆ కోర్సు సంగతి. నా అనుమానం దాచుకోకుండా చెబుతాను. నెట్‌వర్కింగ్ రాకుండా, లినక్స్‌లో ఒక ఫైల్ పర్మిషన్ మార్చడం రాకుండా ఎథికల్ హ్యాకింగ్ నేర్పిస్తామనే వాళ్లను నేను నమ్మను. టూల్ పేరు, దాంట్లో ఏ బటన్ నొక్కాలో నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. ఇంటర్వ్యూలో ఒక ప్యాకెట్ ఇక్కడి నుంచి అక్కడికి ఎలా వెళ్తుందో చెప్పమంటే పిల్లోడు నోరు తెరవలేడు. సైబర్ సెక్యూరిటీ మంచి రంగమే. కానీ మొదటేడులో సీ, డేటా స్ట్రక్చర్స్ గట్టిగా పట్టుకుని, రెండో మూడో ఏట ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ చదివాక దాంట్లోకి వెళ్లినవాడు నిలబడతాడు. హోమ్‌లో ఇవన్నీ చేసుకోవచ్చని తెలియకుండా ప్రో ఉండాల్సిందే అన్నవాళ్లు, తెలిసీ అన్నవాళ్లు, ఎవరైనా సరే, ఫీజు కట్టే ముందు ఆలోచించండి.

ఫార్మాట్ ఎందుకు వద్దన్నానో వినండి. కంపెనీ విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్‌లో ఆ హోమ్ లైసెన్సు కీ మదర్‌బోర్డు చిప్‌లోనే రాసి ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే సెటప్ ఆ కీని చదువుకుని, ఏ ఎడిషన్ అని అడక్కుండానే హోమ్ వేసి యాక్టివేట్ చేసుకుంటుంది. కీ లేని మెషీన్‌లో I don't have a product key నొక్కితేనే హోమ్, ప్రో, ఎడ్యుకేషన్ అన్న జాబితా కనపడుతుంది. అక్కడ ప్రో ఎంచుకున్నంత మాత్రాన ప్రో లైసెన్సు రాదు. హోమ్ లైసెన్సు ప్రోని యాక్టివేట్ చేయదు. స్క్రీన్ మూల Activate Windows అన్న మాట అలాగే ఉండిపోతుంది.

మరి షాపతను పదిహేను వందలకు ఎలా ఇస్తాడు? అమెరికాలో హోమ్ నుంచి ప్రోకి మారడానికే మైక్రోసాఫ్ట్ 99 డాలర్లు తీసుకుంటుంది. ఇంత తక్కువకు దొరికే కీ చాలాసార్లు ఏదో సంస్థకు టోకుగా ఇచ్చినది, లేదంటే యాంటీవైరస్ ఆపేసి నడిపే దొంగ యాక్టివేటర్. ఇప్పటికే వేయించి ఉంటే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టించండి:

```
slmgr /dli
```

OEM_DM అని వస్తే మెషీన్‌తో వచ్చిన కీ. RETAIL అంటే విడిగా అమ్మే కీ. VOLUME అని కనిపిస్తే అది మీ పిల్లోడి కోసం ఇచ్చిన లైసెన్సు కాదు, ఎప్పుడైనా ఆగిపోవచ్చు. అప్పుడు కూడా టెన్షన్ వద్దు. ఫైళ్లు బయట కాపీ చేసుకుని మళ్లీ హోమ్ వేస్తే చిప్‌లోని కీతో అదే యాక్టివేట్ అవుతుంది.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని కోప్పడాలి. లాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఎవరి మెయిల్‌తో తెరిచారు? షాపతన్నే చేసిపెట్టమని వదిలేస్తే చాలామంది వాళ్ల మెయిలే ఇచ్చేస్తారు. తోటకి మందు కొట్టించేటప్పుడు దగ్గరుండి చూసుకునే మీరు, ఇక్కడ పక్కన కూర్చోకపోతే ఎలా అన్నా? చాలా కొత్త లాప్‌టాప్‌ల్లో హోమ్ కూడా డిస్క్‌ని లాక్ చేస్తుంది. దాని 48 అంకెల రికవరీ కీ ఆ అకౌంట్‌లోకే పోతుంది. రేపు బయోస్ అప్‌డేట్ తర్వాత నీలం స్క్రీన్ ఆ కీ అడిగితే, సెమిస్టర్ రికార్డులన్నీ షాపతని మెయిల్‌లో ఇరుక్కుంటాయి. Settings లో Privacy & security కింద Device encryption ఆన్ అయి ఉందేమో చూడమనండి. ఉంటే అకౌంట్‌ని పిల్లోడి మెయిల్‌కి మార్చి, Device encryption ఒకసారి ఆపి, పూర్తిగా ఆగాక మళ్లీ ఆన్ చేయించండి. ఆ తర్వాత పిల్లోడి మెయిల్‌తో aka.ms/myrecoverykey లో కీ కనిపిస్తోందో లేదో చూసి, కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి.

మూడో ఏట ఇంటర్న్‌షిప్‌లో నిజంగానే ప్రో కావాలని అడిగితే, Settings, System, Activation లో Upgrade your edition of Windows అని ఉంటుంది. డబ్బు కట్టి అక్కడ మారిస్తే ఫార్మాట్ అక్కర్లేదు, ఫైళ్లు పోవు. దానికి ముందు కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో విద్యార్థులకు ఎడ్యుకేషన్ ఎడిషన్ కీ ఇస్తారేమో కనుక్కోమనండి. ఇచ్చే కాలేజీలు ఉన్నాయి.