ఫైలు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన కాగితాలన్నీ రాత్రి కూర్చుని వరసగా చదివాను. బావ పోయాక ఆ 3 ఎకరాల 60 సెంట్లు మీ పేర్ల మీదికి మార్చమని ఫిబ్రవరి 3న దరఖాస్తు ఇచ్చావు. ఈ రోజు ఏప్రిల్ 21. అంటే 77 రోజులు. మూడుసార్లు కొర్రీ వేశారు, నువ్వు ఆరుసార్లు ఆఫీసుకి తిరిగావు, ఇప్పుడు ఎవరో మధ్యవర్తి పదిహేను వేలిస్తే వారంలో అయిపోతుందంటున్నాడు. నీ కోపం నాకు అర్థమైంది. కానీ ఆ డబ్బు గురించి ఆలోచించే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. రెవెన్యూలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. చాలాకాలం ఆ కొర్రీలు రాసే కుర్చీలోనే కూర్చున్నాను.

నువ్వు అన్నిటికంటే పెద్ద వేధింపుగా రాసింది ఏమిటి? "రాయ్‌పూర్‌లో ఉన్న అక్కని రప్పించి వాంగ్మూలం ఇప్పించమంటున్నారు, పెళ్లయి పన్నెండేళ్లయింది, ఆవిడకి ఈ పొలంతో ఏం పని?" అన్నావు. అల్లుడూ, ఇప్పటిదాకా నిన్ను అడిగిన వాటిలో ఒక్క క్షణం కూడా తప్పుపట్టలేని మాట అదే. ఆ పొలం బావ సొంత కష్టార్జితం, వీలునామా రాయలేదు. అలాంటప్పుడు చట్టప్రకారం మీ అమ్మకి, నీకు, అక్కకి సమాన వాటాలు, మనిషికి 1 ఎకరం 20 సెంట్లు. మీ నాయనమ్మ బతికి ఉంటే ఆవిడకీ సమాన వాటా వచ్చేది. తాతల నాటి పొలమే అయినా ఆడపిల్లకి హక్కు ఉందని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం సవరించారు, 2005లో దేశమంతటా వచ్చింది. పెళ్లితో వాటా పోదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక అన్నదమ్ములిద్దరు వచ్చి "మేమిద్దరమే వారసులం" అని రాసిచ్చారు. నోటీసు పేరుకి గోడకి అంటించాం, ఊళ్లో ఎవరినీ అడగలేదు. ఫైలు పది రోజుల్లో పూర్తయింది, పై అధికారి మెచ్చుకున్నారు. నాలుగేళ్ల తర్వాత వాళ్ల చెల్లెలు వచ్చింది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో. అప్పటికి పొలం అమ్ముడుపోయింది. రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు, కోర్టుకి వెళ్లొచ్చని ఆవిడకి చెప్పాం. ఆ మాట నిజమే. కానీ కోర్టు ఫీజుకి, వకీలుకి డబ్బెక్కడిది? ఆ వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర లేదు. అప్పటినుంచి వారసుల వాంగ్మూలం, చుట్టుపక్కల రైతుల పంచనామా, అభ్యంతరాలు పిలిచే నోటీసు, ఈ మూడింటిలో ఏది తగ్గించమన్నా నేను ఒప్పుకోలేదు.

కాబట్టి ఏ కాగితం అడిగినా ముందు ఒక ప్రశ్న వేసుకో. ఇది అడగకపోతే దెబ్బతినేది ఎవరు? ఆ మనిషిని నువ్వు వేలెత్తి చూపించగలిగితే అది పనికొచ్చే పద్ధతి. ఇక్కడ ఆ మనిషి మీ అక్క.

ఇప్పుడు వాళ్లు వేసిన ఆ మూడు కొర్రీలు చూద్దాం.

మొదటిది ఫిబ్రవరి 14న వేశారు. పాసుపుస్తకంలో, 1-బి భూమి హక్కుల రికార్డులో ఉన్న పేరుకి, మరణ ధ్రువపత్రంలో ఉన్న పేరుకి తేడా ఉంది. ఒకదానిలో పేరు ముందు 'వెంకట' ఉంది, రెండోదానిలో లేదు. నీకు ఇది చాదస్తంలా అనిపించింది. మన ఊళ్లో అదే ఇంటిపేరుతో, అదే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారని నీకూ తెలుసు. బతికున్నవాడి పొలం చచ్చిపోయినవాడి ఖాతా కింద మారిపోయిన సంగతులు నేను చూశాను. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ అడగడం న్యాయమే. ఆ అఫిడవిట్ నువ్వు మార్చి 2న ఇచ్చావు. ఆ 16 రోజులు నీ చేతిలో గడిచాయి, ఆఫీసు లెక్కలో వేయకు.

రెండోది మార్చి 9. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కాపీ జత చేయలేదని రాశారు. కానీ నీ దరఖాస్తు రసీదులో జతపత్రాల వరసలో అది ఉంది. పైగా ఆ ధ్రువపత్రం ఇచ్చింది ఆ తహసీల్దారు ఆఫీసే. తమ దగ్గరున్న కాగితాన్ని నిన్ను తెమ్మన్నారు. మూడోది మార్చి 30. కాపీల మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదని. అసలు పత్రాలు నువ్వు తీసుకెళ్లి చూపిస్తానన్నావు కదా. అసలు చేతిలో ఉండగా నకలు మీద మూడో మనిషి సంతకం ఎవరిని కాపాడుతుంది? ఎవరినీ కాదు. ఈ రెండూ వట్టి జాప్యం.

అయితే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. నువ్వు పంపిన కాగితాల్లో నోటీసు లేదు. ఫోన్ చేసి అడిగితే గ్రామంలో ఎక్కడా అంటించలేదన్నావు. 77 రోజుల్లో అసలు చేయాల్సిన పని మొదలే కాలేదు! అభ్యంతరాల గడువు అంటే ఆగడం కాదు, ఆ గడువులో పని జరుగుతుంది. దానికి మొదలు తేదీ, ఆఖరి తేదీ కాగితం మీదే ఉంటాయి, ఊరివాళ్లు చదువుతారు, వీఆర్వో విచారిస్తాడు. మార్చి 31న నువ్వు సంతకాలు పెట్టించి ఇచ్చినప్పటినుంచి ఈ 21 రోజుల్లో ఏం జరిగింది? ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే "చూద్దాం" అన్నారు. ఆఖరి తేదీ లేని ఆలస్యాన్ని అనుమానించు. అలాగే మొత్తం కాగితాలు ఒకేసారి చూసి లోపాలన్నీ ఒకే కొర్రీలో రాయడం సరైన పద్ధతి. విడతకొకటి బయటపెడుతుంటే ఫైలు పూర్తిగా చదవనైనా చదవలేదు, లేదా నిన్ను తిప్పుతున్నారు.

ఎందుకిలా చేస్తారని అడిగావు. అందరూ లంచం కోసమే అనుకోకు. నా అనుభవంలో లంచం కంటే భయం ఎక్కువ ఫైళ్లని ఆపింది. ఒక గుమాస్తా ఫైలు ముందుకి పంపితే, పదేళ్ల తర్వాత ఎవరో ఫిర్యాదు చేసినా ఆ నోట్ కింద అతని సంతకం ఉంటుంది. ఛార్జిమెమో వస్తుంది, రిటైరయ్యాక పెన్షన్ ఆగుతుంది. అదే ఫైలుని మూడు నెలలు ఆపితే అతన్ని ఎవరూ ఏమీ అనరు. చేసినందుకు శిక్ష ఉంది, ఆపినందుకు దాదాపు లేదు. అందుకే ఏం చేయాలో తోచనప్పుడు ఒక కొర్రీ రాస్తే ఆ రోజుకి ఫైలు బల్ల మీద నుంచి వెళ్లిపోతుంది, లెక్కలో పెండింగ్ కూడా కనపడదు. దీనికి తోడు ఒక్క వీఆర్వోకి రెండు మూడు గ్రామాల ఇన్‌ఛార్జి, మధ్యలో సర్వే డ్యూటీ, ఎన్నికల డ్యూటీ. నోటీసు వేయకపోవడానికి ఇదీ కారణం కావచ్చు. డబ్బు కోసం ఆపేవాడికి మాత్రం ఒక గుర్తు ఉంటుంది. అతను కాగితం మీద ఏమీ రాయడు. అంతా నోటిమాటే, అది కూడా మరొకరి ద్వారా.

ఆ పదిహేను వేలు ఇవ్వకు. 2018లో అవినీతి నిరోధక చట్టం మార్చాక ఇచ్చినవాడిదీ నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే 7 రోజుల్లోపు ఏసీబీకో పోలీసులకో చెప్పినవాడికే రక్షణ. అది ఒక సంగతి. ఇంకోటి, డబ్బు తీసుకున్నవాడు ముందుగా ఎగరగొట్టేది మీ అక్క వాంగ్మూలాన్నే. పనికిరాని కొర్రీలతో పాటు పనికొచ్చే రక్షణ కూడా పోతుంది.

బదులుగా ఇలా చెయ్యి. రేపు ఒక తెల్లకాగితం మీద తహసీల్దారు గారికి అర్జీ రాయి. మూడు కొర్రీల తేదీలు, నువ్వు జవాబిచ్చిన తేదీలు వరసగా పెట్టు. పేరు తేడాకి అఫిడవిట్ ఇచ్చాననీ, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఫలానా నంబరుతో మీ ఆఫీసే ఇచ్చిందనీ, అసలు పత్రాలు తెచ్చాననీ రాయి. ఇంకా లోపాలుంటే ఒకేసారి రాతపూర్వకంగా చెప్పమనీ, నోటీసు జారీ చేయమనీ అడుగు. ఒక్క గట్టి మాట కూడా వద్దు. రెండో ప్రతి మీద తపాలు సెక్షన్ ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకు. ముద్ర లేని అర్జీ ఇచ్చినట్టే కాదు.

పదిహేను రోజులు చూడు. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టు. మన రాష్ట్రంలో మండల ఆఫీసులో రుసుము 5 రూపాయలు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "నా ఫైలు ఎందుకు ఆపారు?" అని రాస్తారు. 'ఎందుకు' అనేదానికి జవాబు రికార్డులో ఉండదు కాబట్టి సమాచారం లేదని తిప్పి పంపేస్తారు. నువ్వు రికార్డు అడుగు. ఇలా రాయి: "నా దరఖాస్తు అందిన రోజు నుంచి నేటి వరకు ఏ తేదీన ఎవరి దగ్గర ఉందో, ఏ చర్య తీసుకున్నారో తెలిపే రికార్డు నకలు, నోట్ ఫైల్ నకలు, ఈ పనికి నిర్దేశించిన గడువు తెలిపే ఉత్తర్వు నకలు ఇవ్వగలరు." మా రోజుల్లో ప్రతి గుమాస్తాకీ పర్సనల్ రిజిస్టర్ అని ఉండేది, ఫైలు మీద ఏ రోజు ఏం చేశాడో అందులో రాయాలి. ఇప్పుడు ఈ-ఆఫీసులో ఎవరి లాగిన్‌లో ఎన్ని రోజులుందో కనిపిస్తుంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలాసార్లు ఆ నకలు తీయడానికి ఫైలు తెరిచినప్పుడే అది కదులుతుంది. ఖాళీగా ఉన్న తేదీలు తమ సంతకంతో బయటికి పోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఇది అన్నిటికీ మందు కాదు. ఎవరైనా నిజంగా అభ్యంతరం పెడితే తహసీల్దారు విచారించి తీరాలి, నెలలు పడుతుంది, అది నీకు నచ్చకపోయినా న్యాయం. ఉత్తర్వు తప్పుగా వస్తే ఆర్డీవో గారి దగ్గర అప్పీలు ఉంది.

అక్క తన వాటా నీకే వదిలేస్తానంటోందని రాశావు. అది ఆవిడ ఇష్టం. కానీ తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని ఊరుకోకు, అది చెల్లదు. ముందు ముగ్గురి పేర్లూ ఎక్కించు, తర్వాత ఆవిడ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే రిజిస్టర్ చేసిన రిలీజ్ డీడ్ రాయించుకో. అడిగేటప్పుడు అమ్మని పక్కన కూర్చోబెట్టి, 1 ఎకరం 20 సెంట్లు అన్న లెక్క చెప్పి అడుగు.

అర్జీ చిత్తుప్రతి రాశాక నాకు ఫొటో పంపు, చూసి చెబుతాను. అక్క వచ్చే తేదీ తెలిస్తే చెప్పు. వాంగ్మూలం రోజున నేను కూడా వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య