కొలెస్ట్రాల్ నార్మల్ ఉన్నా స్ట్రోక్ తర్వాత స్టాటిన్ ఎందుకు?

"మా అమ్మకి నెల క్రితం ఇస్కీమిక్ స్ట్రోక్ వచ్చింది. చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 98, రిపోర్టులో నార్మల్ అనే ఉంది. అయినా అటోర్వాస్టాటిన్ రాశారు. కొలెస్ట్రాల్ లేని మనిషికి ఈ మాత్ర ఎందుకండీ?"

మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చినప్పుడు నేనూ ఇదే అడిగాను. కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయింది. ఎల్‌డీఎల్ మాత్రం 92. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి మెడ నాళాల డాప్లర్ స్కాన్ చూపించారు. ఎడమ కెరోటిడ్ నాళంలో కొవ్వు పేరుకుని 40 శాతం దాకా ఇరుకైంది.

రిపోర్టులోని అంకె ఆ రోజు రక్తంలో తిరుగుతున్న కొవ్వుది. స్ట్రోక్ తెచ్చింది ఏళ్ల తరబడి నాళం గోడలోకి దిగి గడ్డకట్టిన కొవ్వు, అంటే ప్లాక్. దాని లోపల మెత్తటి కొవ్వు, పైన పల్చటి పొర. ఆ పొర చిట్లితే అక్కడే రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ ముక్క విడిపోయి మెదడుకి పోతుంది. స్టాటిన్ వేసుకుంటే కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని ఎక్కువగా లాక్కుంటుంది. గోడలోకి కొత్తగా దిగేది తగ్గుతుంది, లోపలి వాపు తగ్గుతుంది, పై పొర గట్టిపడుతుంది. ఇరుకు పెద్దగా విప్పుకోదు, చిట్లే అవకాశమే తగ్గుతుంది.

ఇంతకీ ఆ 'నార్మల్' అనేది ఇంకా ఏ జబ్బూ రానివాళ్లని దృష్టిలో పెట్టుకుని గీసిన గీత. ఫ్రాన్స్, దక్షిణ కొరియాల్లో చేసి 2020లో ప్రచురించిన టీఎస్‌టీ అధ్యయనంలో నాళాల్లో ప్లాక్ ఉండి స్ట్రోక్ లేదా మినీ స్ట్రోక్ వచ్చినవాళ్లని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎల్‌డీఎల్ 70 లోపు, రెండోదానికి 90-110 మధ్య ఉంచారు. మూడున్నరేళ్లలో మళ్లీ స్ట్రోక్, గుండెపోటు లాంటివి మొదటి గుంపులో 8.5 శాతం మందికి, రెండోదాంట్లో 10.9 శాతం మందికి వచ్చాయి. మీ అమ్మగారి 98 ఆ రెండో గుంపు అంకే. తేడా కొండంతేమీ కాదు, అలాగని వదులుకునేదీ కాదు.

మా ఇంట్లో జరిగిన పొరపాటు కూడా చెప్తాను. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 48కి దిగింది. "ఇంకెందుకురా" అని నాన్నగారు చెప్పాపెట్టకుండా మాత్ర మానేశారు. ఖాళీ కాని స్ట్రిప్పు చూస్తేగానీ మాకు తెలియలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే 90. ఆ 48 మాత్ర పుణ్యమేనని అప్పుడు ఆయనకీ అర్థమైంది. మానడానికి ఇంకో కారణం తొడల నొప్పులు, అది మాకు చెప్పలేదు. కండరాలు దెబ్బతిన్నాయా అని చూసే సీకే పరీక్ష బాగానే ఉంది. డాక్టరుగారు 80 మిల్లీగ్రాముల డోసు 40 చేశారు, నొప్పి తగ్గింది, ఎల్‌డీఎల్ 58 దగ్గర ఉంది. నొప్పితోపాటు మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు.

ఒక్కటి డాక్టర్ని అడగండి: గడ్డ ఎక్కడినుంచి వచ్చింది? మెడ నాళాల స్కాన్ చేశారా, గుండె లయ తప్పుతోందా? గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వల్ల గుండెలో గడ్డ పుట్టి ఉంటే అక్కడ అసలు మందు రక్తం గడ్డకట్టనివ్వనిది, స్టాటిన్ దాని తర్వాతే.