444 రోజులంటే ఎన్నేళ్లు? ఎఫ్‌డీలో చివరి రోజుల లెక్క

ప్రశ్న: మాది పర్లాకిమిడి. 2023 అక్టోబరు 10న నాన్నగారి పేరు మీద 444 రోజుల ఎఫ్‌డీ వేశాం. రెండు లక్షలు, 7.2 శాతం, వడ్డీ అసలులో కలుస్తూ చివర్లో ఒకేసారి వచ్చే రకం. 2024 డిసెంబరు 27న ఖాతాలో 2,18,098 రూపాయలు పడ్డాయి. చక్రవడ్డీ సూత్రంలో కాలం దగ్గర 444/365 పెడితే నాకు 2,18,137 వస్తోంది. నాన్నగారు నాలుగు క్వార్టర్లు చక్రవడ్డీ కట్టి, మిగిలిన 2 నెలల 17 రోజులకు నెలకు 30 రోజుల చొప్పున వేసి 2,18,101 అంటున్నారు. ఎవరి లెక్క సరైంది? బ్యాంకు మాకు తక్కువ ఇచ్చిందా?

జవాబు: బ్యాంకు లెక్క సరిగానే ఉంది. నాన్నగారి దారి కూడా దాదాపు అదే, చివరి మెట్టు దగ్గర మాత్రమే తేడా. మీ సూత్రం తప్పు కాదు కానీ, బ్యాంకు ఆ సూత్రంతో వడ్డీ కట్టదు. 444 రోజులను ఒకే భిన్నంగా మార్చి ఘాతంలో పెట్టడం దగ్గరే తేడా మొదలైంది.

మన బ్యాంకులు ఇలాంటి ఎఫ్‌డీని రెండు ముక్కలుగా చూస్తాయి. నిండిన క్వార్టర్లు ఎన్నో అన్నిసార్లు చక్రవడ్డీ కడతాయి. క్వార్టర్ నిండకుండా మిగిలిన రోజులకు బారువడ్డీ కడతాయి. రోజులను ఏడాదిలో భాగంగా మార్చేది ఆ రెండో ముక్కలోనే. క్వార్టర్ అంటే ఇక్కడ జనవరి-మార్చి, ఏప్రిల్-జూన్ కాదు. డబ్బు వేసిన తేదీ నుంచి మూడేసి నెలలు.

మీ డిపాజిట్‌నే తీసుకుందాం. 7.2లో నాలుగో వంతు 1.8 శాతం. 2024 జనవరి 10న మొదటి క్వార్టర్ నిండి 3,600 కలిసింది, 2,03,600 అయింది. ఏప్రిల్ 10న 3,664.80 కలిసి 2,07,264.80. జులై 10న 3,730.77 కలిసి 2,10,995.57. అక్టోబరు 10న 3,797.92 కలిసి 2,14,793.49. ఇక్కడికి నాలుగు క్వార్టర్లు నిండాయి, ఐదోది నిండలేదు.

మిగిలిన రోజులు లెక్కపెట్టేటప్పుడు ఒక నియమం గుర్తుంచుకోండి. మొదలైన రోజు లెక్కలోకి వస్తుంది, డబ్బు తీసుకునే రోజు రాదు. అక్టోబరు 10 నుంచి 31 వరకు 22 రోజులు, నవంబరులో 30, డిసెంబరు 1 నుంచి 26 వరకు 26. మొత్తం 78. డిసెంబరు 27ను కూడా కలుపుకుంటే 79 వస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టే చాలామంది చేసే పొరపాటు ఇదే. సరిచూసుకోవాలంటే మొత్తం రోజులు వేయండి: 2023 అక్టోబరు 10 నుంచి 2024 అక్టోబరు 10 వరకు 366, దానికి 78 కలిపితే 444. రసీదు మీద ఉన్న సంఖ్య వచ్చింది కాబట్టి మన 78 సరైనదే.

ఇప్పుడు 2,14,793.49 మీద 7.2 శాతం అంటే ఏడాదికి 15,465.13. దాన్ని 78తో హెచ్చవేసి 365తో భాగిస్తే 3,304.88. కలిపితే 2,18,098.37. ఖాతాలో రూపాయిలకు సరిచేసి 2,18,098 పడింది.

మరి పైసలతో సహా చూస్తే మీకు 38 రూపాయల 35 పైసలు ఎక్కువ ఎందుకు వచ్చింది? దీన్ని విడదీసి చూడాలి, ఎందుకంటే అందులో రెండు తేడాలు ఎదురెదురు దిక్కుల్లో లాగుతున్నాయి.

మొదటిది ఫిబ్రవరి 29. మీ క్వార్టర్లలో రోజులు వరుసగా 92, 91, 91, 92. కలిపితే 366. అయినా బ్యాంకు ప్రతి క్వార్టర్‌కూ అదే 1.8 శాతం ఇచ్చింది, రోజులు చూడలేదు. అందుకే నాలుగు క్వార్టర్లు నిండితే సరిగ్గా ఒక ఏడాది, అంతే. మీరు 444ను 365తో భాగించినప్పుడు ఆ 366 రోజులు ఒక ఏడాది మీద ఒక రోజుగా మారాయి. లీపు రోజుకు విడిగా వడ్డీ పడింది. దానివల్ల మీ లెక్క 42.64 పైకి పోయింది.

రెండోది భిన్న ఘాతం. చాలామంది చక్రవడ్డీ ఎప్పుడూ బారువడ్డీ కంటే ఎక్కువే ఇస్తుందనుకుంటారు. క్వార్టర్ నిండాక అది నిజం. క్వార్టర్ లోపల మాత్రం తలకిందులు. 78 రోజులంటే క్వార్టర్‌లో 0.8548 వంతు. 1.018ని ఆ ఘాతానికి పెంచితే 2,14,793.49 మీద 3,300.59 వస్తుంది. బారువడ్డీ 3,304.88. అంటే ఆ కొన్ని రోజులకు బ్యాంకు పద్ధతే మీకు 4.29 ఎక్కువ ఇచ్చింది. 42.64లోంచి 4.29 తీసేస్తే 38.35. మీ తేడా పూర్తిగా అక్కడ తేలిపోయింది.

నాన్నగారు నాలుగు క్వార్టర్లను సరిగ్గా కట్టారు. చివర్లో 2 నెలల 17 రోజులను 77 రోజులుగా తీసుకుని 360తో భాగించారు. అక్టోబరులో 31 రోజులున్నాయి కాబట్టి ఒక రోజు తగ్గింది, ఏడాదిని 360గా తీసుకున్నారు కాబట్టి మళ్లీ పెరిగింది. రెండూ దాదాపు కొట్టుకుపోయి 3,307.82 దగ్గర ఆగాయి. చేబదుళ్లకు, నూటికి ఇంత అనే నెలవారీ వడ్డీలకు ఆ పద్ధతి సరిపోతుంది, ఎందుకంటే అక్కడ రేటు చెప్పేదే నెలకు. ఎఫ్‌డీ రేటు ఏడాదికి చెబుతారు, రోజులు క్యాలెండర్ ప్రకారం నడుస్తాయి. మిగిలిన రోజుల్లో ఫిబ్రవరి వస్తే నాన్నగారి లెక్క ఇంత దగ్గరగా రాదు.

ఇంకో ఎఫ్‌డీ తీరినప్పుడు ఈ తిప్పలు లేకుండా షీట్‌లో ఇలా పెట్టుకోండి. A1లో వేసిన తేదీ, B1లో తీరే తేదీ, E1లో అసలు, F1లో శాతం గుర్తుతో సహా రేటు ఉంచండి. కింది మూడింటినీ వరుసగా C1, D1, G1 గడుల్లో రాయండి.

```
=INT(DATEDIF(A1,B1,"m")/3)
=B1-EDATE(A1,3*C1)
=E1*(1+F1/4)^C1*(1+F1*D1/365)
```

మీ అంకెలకు C1లో 4, D1లో 78, G1లో 218098.36 రావాలి. పైన చేత్తో చేసినదానికి ఒక పైసా తేడా కనిపిస్తే, అది ప్రతి క్వార్టర్‌లోనూ పైసలు సరిచేసుకుంటూ వచ్చినందువల్ల. D1లో 78కి బదులు ఏదో 1900 నాటి తేదీ కనిపిస్తే ఆ గడి ఫార్మాట్‌ను నంబర్‌కు మార్చండి. ఎప్పుడూ A1 నుంచే మూడేసి నెలలు ముందుకు లెక్కించండి. నవంబరు 30న వేసిన డిపాజిట్‌కు ఫిబ్రవరి చివరి రోజున క్వార్టర్ నిండుతుంది. ఆ తేదీ మీద మళ్లీ మూడు నెలలు వేస్తే మే 28 లేదా 29 అవుతుంది, రావాల్సింది మే 30.

బ్యాంకు అంకెకు, మీ అంకెకు తేడా వచ్చినప్పుడు కౌంటరు దగ్గరికి వెళ్లేముందు ఒక రోజు వడ్డీ ఎంతో కట్టుకోండి. మీ డిపాజిట్‌కు చివరి క్వార్టర్‌లో అది 42.37. తేడా సరిగ్గా అంత ఉంటే ఒక రోజు ఎక్కువో తక్కువో లెక్కపెట్టారని అర్థం. తేడా తొమ్మిది రూపాయల దగ్గర ఉంటే 366 మీద అనుమానపడండి. కొన్ని బ్యాంకులు లీపు సంవత్సరంలో పడిన మిగులు రోజులను 366తో భాగిస్తాయి. మీ 78 రోజులూ 2024లోనే ఉన్నాయి కాబట్టి అలా చేసి ఉంటే 3,295.85 వచ్చేది, అంటే 9.03 తక్కువ. మిగులు రోజులు డిసెంబరు 31 దాటి పక్క ఏడాదిలోకి వెళ్తే, అలాంటి బ్యాంకులో ఆ రోజులను రెండు ముక్కలు చేసి ఒకదాన్ని 366తో, రెండోదాన్ని 365తో భాగించాలి. వడ్డీ ఏ పద్ధతిలో కడుతున్నదీ డిపాజిటరుకు తెలియజేయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం, కాబట్టి అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

తేడా వందల్లో ఉంటే రోజుల లెక్కను వదిలేసి టీడీఎస్ చూడండి. నాన్నగారికి అదే బ్యాంకులో ఇతర డిపాజిట్లు ఉండి, మొత్తం వడ్డీ ఆ ఆర్థిక సంవత్సరపు పరిమితి దాటితే, ఎఫ్‌డీ తీరకముందే మార్చిలోనే పన్ను కోసేస్తారు. ఆ డబ్బు ఎఫ్‌డీలోంచే పోతే తర్వాతి క్వార్టర్ల వడ్డీ కూడా తగ్గుతుంది. గడువుకు ముందే తీసుకున్నా అంతే, రేటే మారిపోతుంది. అప్పుడు F1లో రసీదు మీది రేటు పెట్టకూడదు. డబ్బు నిజంగా ఉన్న కాలానికి వర్తించే రేటులోంచి జరిమానా తీసేసి పెట్టాలి. మిగతా లెక్క అంతా ఇదే.

మీ ఊళ్లో ఉన్నవాళ్లకు సెలవుల సంగతి ఒకటి చెప్పాలి. బ్యాంకు సెలవులు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. ఒడిశా పండుగ రజ సంక్రాంతికి పర్లాకిమిడి శాఖ మూసి ఉంటుంది, పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న పాతపట్నం శాఖ తెరిచి ఉంటుంది. ఎఫ్‌డీ తీరే తేదీ మీ శాఖకు సెలవు రోజున పడి, డబ్బు మరుసటి పనిదినాన వస్తే, మధ్యలో పోయిన రోజుకు కూడా ఒప్పుకున్న రేటుకే వడ్డీ రావాలి. మీ రకం డిపాజిట్‌కు దాన్ని తీరిన మొత్తం మీద కడతారు. మీది డిసెంబరు 27, శుక్రవారం తీరింది కాబట్టి ఆ ప్రసక్తి రాలేదు. రెండు రోజులు ఆలస్యంగా, అక్టోబరు 12న వేసి ఉంటే డిసెంబరు 29, ఆదివారం తీరేది. సోమవారం చేతికొచ్చే డబ్బులో 2,18,098 మీద ఒక రోజు వడ్డీ, 43 రూపాయల 2 పైసలు, అదనంగా ఉండాల్సింది.