రింగు లెక్కలో మైనస్ తన్యత

"బోరు మోటారు 80 కిలోలు, మూడో కేబుల్‌తో రింగుకు నిలువుగా వేలాడుతోంది. రింగును పైన ఎడమవైపు కేబుల్ నేలమట్టానికి 30 డిగ్రీల వాలులో, కుడివైపు కేబుల్ 45 డిగ్రీల వాలులో పట్టుకున్నాయి. స్ప్రెడ్‌షీట్‌లో తన్యతలు −1063, −312 న్యూటన్లు వస్తున్నాయి. సరిచూసే గడిలో మాత్రం తేడా సున్నా. కొత్త కాలిక్యులేటర్ యాప్ దించుకుని చూసినా అంతే. ఫైలు పాడైందా?" – పాలిటెక్నిక్ విద్యార్థి, మిర్యాలగూడ

ఫైలుకు ఏమీ కాలేదు. కేబుల్ లాగగలదు, నెట్టలేదు. తన్యతకు మైనస్ వచ్చిందంటే లెక్క ఎక్కడో తిరగబడిందనే అర్థం. స్ప్రెడ్‌షీట్‌లో SIN, COS కోణాన్ని రేడియన్లుగా తీసుకుంటాయి. 30 రేడియన్లంటే నాలుగు పూర్తి చుట్లు తిరిగి సుమారు 279 డిగ్రీల దగ్గర ఆగడం. అంటే పైకి కట్టిన మీ ఎడమ కేబుల్ యంత్రం దృష్టిలో దాదాపు నిట్టనిలువుగా భూమిలోకి దిగింది!

సరిచూసే గడి ఎందుకు మోసపోయింది? అందులోనూ అవే తప్పు కోణాలున్నాయి కాబట్టి. తప్పు రాసినవాడే పేపరు దిద్దుకుంటే ఎప్పుడూ నూటికి నూరే.

అసలు లెక్క చిన్నదే. మోటారు బరువు 80 × 9.81, అంటే 784.8 న్యూటన్లు, అది మూడో కేబుల్ తన్యత. అడ్డంగా చూస్తే ఎడమ లాగుడు, కుడి లాగుడు సమానం. నిలువుగా చూస్తే రెండింటి పైలాగుడు కలిసి 784.8. మొదటి సమీకరణాన్ని రెండోదాంట్లో పెడితే ఎడమ, కుడి కేబుళ్లకు వరుసగా ఇవి మిగులుతాయి:

```
=784.8*COS(RADIANS(45))/SIN(RADIANS(75))
=784.8*COS(RADIANS(30))/SIN(RADIANS(75))
```

ఎడమ 574.5, కుడి 703.6 న్యూటన్లు. ఒక కేబుల్ తన్యతలో రెండోదాని కోణం కనబడుతుంది; సగం మంది ఇక్కడే తారుమారు చేస్తారు. నిటారుగా ఉన్న కేబుల్‌కే ఎక్కువ భారం పడాలని గుర్తుంటే చాలు. రెండూ కలిపితే బరువును మించాయని కంగారు పడకండి, కొంత బలం ఒకదాన్నొకటి పక్కకు లాక్కోవడానికే పోతుంది. రెండు కేబుళ్లనూ 5 డిగ్రీల వాలుకు దించితే ఒక్కోదానిపై 4,500 న్యూటన్లు పడతాయి. ఇదంతా మోటారు కదలకుండా ఉన్నప్పటి మాట. కేసింగులో ఇరుక్కున్నదాన్ని గుంజితే ఈ అంకెలు చెల్లవు.

ఇక మీ యాప్. cos 60 కొట్టండి. 0.5 కాకుండా −0.952 వస్తే అది రేడియన్లలో ఉంది. ఏ మోడ్‌లో ఉన్నదీ మూలన చీమంత అక్షరంతో చూపించే ఈ యాప్‌లను తయారుచేసేవాళ్లు ఒక్కసారైనా పరీక్ష రాశారా అని నా అనుమానం. అంతకన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. అది కాంటాక్టులు, లొకేషన్ అనుమతి అడిగిందా? కొసైన్ కట్టడానికి మీ మేనమామ నంబరు దానికెందుకు? అడిగి ఉంటే ఇప్పుడే తీసేయండి.

నమ్మకం కుదరకపోతే వంద న్యూటన్లకు ఒక సెంటీమీటరు లెక్కన గ్రాఫు కాగితంపై 7.85 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. దాని పై కొస నుంచి కుడివైపు కిందికి 30 డిగ్రీల వాలులో, కింది కొస నుంచి కుడివైపు పైకి 45 డిగ్రీల వాలులో గీతలు లాగండి. అవి కలిసేచోటికి స్కేలుతో కొలిస్తే 5.7, 7 సెంటీమీటర్లు వస్తాయి. కోణమానినికి రేడియన్లు తెలియవు.