డ్రిప్ బెడ్ల మీద కూరగాయలు: మట్టి నమూనా ఎంత లోతులో, ఏ చోట తీయాలి?

ప్రశ్న: సార్, మాకు 50 సెంట్ల కూరగాయల తోట ఉంది. 30 సెంట్లలో డ్రిప్, మల్చింగ్ షీటు వేసి 15 బెడ్ల మీద టమాటా పెట్టాం. ఇప్పుడు కాపు అయిపోయింది. 15 సెంట్లలో మడులు కట్టి, నీళ్లు పారించి ఆకుకూరలు వేస్తాం. మిగతా 5 సెంట్లు పల్లపు మూల, వాన పడితే నీరు నిలుస్తుంది. పోయినసారి టమాటా చేలోంచే రెండు నమూనాలు పంపితే ఒకదాంట్లో భాస్వరం ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ అని వచ్చింది. టమాటా వేర్లు లోతుకు పోతాయి కాబట్టి అడుగు లోతు మట్టి తియ్యమంటున్నారు. ఎంత లోతు తియ్యాలి, ఎక్కడెక్కడ తియ్యాలి?

జవాబు: లోతు 15 సెంటీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు తీయండి. టమాటా వేర్లు అంతకంటే కిందికి వెళ్లే మాట నిజమే. కానీ ఫలానా పోషకం తక్కువ, ఫలానాది ఎక్కువ అని ల్యాబ్ చెప్పేది ఒక పట్టిక చూసి. ఆ పట్టికలు సాధారణంగా పైపొర మట్టిని పరీక్షించి, దాంట్లో ఎరువు వేస్తే దిగుబడి ఎంత పెరిగిందో చూసి తయారుచేసినవి. అడుగు లోతు మట్టిని తెచ్చి ఆరంగుళాల పట్టికతో పోల్చితే సిఫారసు తప్పుతుంది. మీ ల్యాబ్ ఫారంలో 20 సెంటీమీటర్లు అని ఉంటే మాత్రం అదే పాటించండి.

ఎంత తప్పుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం. భాస్వరం మట్టిలో పెద్దగా కదలదు, వేసిన చోటే పైపొరలో పేరుకుంటుంది. పై 5 సెంటీమీటర్లలో అది 40 పీపీఎం, ఆ కింది 5 సెంటీమీటర్లలో 16, ఆ కింది 5లో 10 ఉందనుకోండి. 15 సెంటీమీటర్లు సరిగ్గా తీస్తే సగటు 22 వస్తుంది. పార సగం లోతే దిగి 7.5 సెంటీమీటర్లు తీస్తే 32 వస్తుంది. అదే మట్టిని అడుగు లోతు తీస్తే, కింది సగంలో 6 ఉంటే సగటు 14కి పడిపోతుంది. చేను అదే, మట్టి అదే. ఒక రిపోర్టు భాస్వరం మానేయమంటుంది, ఇంకోటి బస్తాలు వేయమంటుంది. మీ రెండు నమూనాల తేడాకు ఇది ఒక కారణం అయ్యుండొచ్చు.

లోతు సరిగ్గా ఉన్నా ముక్క కోయడంలో పొరపాటు జరుగుతుంది. ముందు పైనున్న ఆకులు, చెత్త మాత్రం పక్కకు తీయండి, మట్టిని చెక్కేయకండి. పారతో 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి ఆ మట్టి పారేయండి. తర్వాత గుంట గోడ నుంచి రెండు, రెండున్నర సెంటీమీటర్ల మందాన పైనుంచి కిందిదాకా ఒకే మందంగా ముక్క కోయండి. పైన మందంగా, కింద సన్నగా వస్తే పైమట్టి వాటా పెరుగుతుంది. పై లెక్కలో ముక్క మందం పైన 3, కింద 1 వంతున వస్తే 22 కాస్తా 25 అవుతుంది. పార మీద 15 సెంటీమీటర్ల దగ్గర పెయింటుతో గీత పెట్టుకుంటే ప్రతి గుంటా ఒకే లోతు వస్తుంది.

ఇక ఎక్కడ తీయాలన్నది. మీ పొలంలో నాకు లోతుకంటే ఇదే ముఖ్యంగా కనిపిస్తోంది. పొలమంతా అడ్డదిడ్డంగా తిరుగుతూ మట్టి తీయమని అందరూ చెబుతారు. సమతల పొలానికి ఆ పద్ధతి సరిపోతుంది. బెడ్లు చేసిన చోట అలా తిరిగితే సగం గుంటలు కాలిబాటల్లో పడతాయి. బెడ్లు ఎత్తేటప్పుడు బాటలోని పైమట్టిని తీసి బెడ్డు మీద పోస్తాం, అందుకే బాటలో మిగిలేది సారం తక్కువైన కిందిమట్టి. రెండూ కలిపితే వచ్చే అంకె బెడ్డుదీ కాదు, బాటదీ కాదు. పంట ఉండేది బెడ్డు మీద కాబట్టి నమూనా బెడ్డు మీదే, లోతు కొలత బెడ్డు పైభాగం నుంచే.

బెడ్డు మీద కూడా మట్టి అంతా ఒకేలా ఉండదు. డ్రిప్‌లో ఎరువు ఇచ్చినప్పుడు భాస్వరం, పొటాష్ డ్రిప్పర్ చుట్టుపక్కల ఎక్కువగా నిలుస్తాయి. యూరియా, అమ్మోనియం ఎరువులు వాడితే అక్కడి పీహెచ్ క్రమంగా తగ్గుతుంది. ఉప్పులు, నైట్రేటు నీటితో జరిగి తడి ఆగే అంచున, అంటే బెడ్డు భుజాల వైపు, రెండు డ్రిప్పర్ల మధ్య చేరతాయి. అందుకని మూడు స్థానాలు ఎంచుకోండి: డ్రిప్పర్ నుంచి ఒక జానెడు దూరం, రెండు డ్రిప్పర్ల నడిమి, బెడ్డు భుజం. మీకు 15 బెడ్లున్నాయి. ఒక్కో బెడ్డులో ఒక గుంట చొప్పున ఈ మూడు స్థానాలను వంతులవారీగా మారుస్తూ వెళ్తే ఒక్కో స్థానం నుంచి ఐదు ముక్కలు వస్తాయి.

మొదటి బెడ్డులో గట్టుకు కాస్త లోపల, రెండో బెడ్డులో ఇంకాస్త ముందుకు, అలా ఐదో బెడ్డుకు అవతలి చివర చేరి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ, మళ్లీ ముందుకు సాగండి. ఆ బెడ్డు వంతుకు వచ్చిన స్థానం దగ్గర్లో ఎక్కడుందో కొలిచి గుంట తీయండి. అడుగులు లెక్కపెట్టి ఆగిన చోటే తవ్వితే, డ్రిప్పర్ల దూరంతో అడుగులు కలిసి ప్రతిసారీ డ్రిప్పర్ కిందే తవ్వే ప్రమాదం ఉంది. నాలుగైదు గుంటలతో సరిపెట్టకండి. గుంటలు నాలుగు నుంచి పదహారుకు పెరిగితే సగటులో వచ్చే తప్పు దాదాపు సగానికి తగ్గుతుంది.

టమాటా మొక్కలు పీకేశాక, లేటరల్ పైపులు తీయకముందే ఈ పని చేయండి. డ్రిప్పర్ స్థానాలు తెలుస్తాయి, షీటు అంచు ఎత్తి తవ్వుకోవచ్చు. ఇదంతా అవే బెడ్ల మీద మళ్లీ పంట పెట్టేట్టయితేనే. బెడ్లు కూలదోసి దున్నేట్టయితే బెడ్డు మట్టి, బాట మట్టి ఎలాగూ కలిసిపోతాయి. అప్పుడు దున్ని, మట్టి సర్దుకున్నాక, ఎరువు వేయకముందు పొలమంతా వంకరటింకరగా తిరిగి తీయడమే సరైనది.

ఆకుకూరల 15 సెంట్లకు వేరే నమూనా. మడుల్లో పది పన్నెండు గుంటలు చాలు. నీరు లోపలికి వచ్చే మొగలు, గట్లు, పెంట పోసిన జాగా, చెట్టు నీడ వదిలేయండి. పల్లపు మూలకు విడిగా ఎరువు వేసే ఉద్దేశం ఉంటేనే ఆరేడు గుంటలతో మూడో నమూనా తీయండి. లేకపోతే దాన్ని వదిలేయండి గానీ, మిగతా మట్టిలో మాత్రం కలపొద్దు.

ముక్కలన్నీ ప్లాస్టిక్ బకెట్‌లో వేయండి. జింకు పూత ఉన్న ఇనప బకెట్ వాడితే జింక్ పరీక్ష తప్పు చూపుతుంది. యూరియా బస్తా మీద మట్టి ఆరబోయడం కూడా చాలామంది చేసే పనే, దాంతో నత్రజని అంకె చెడుతుంది. గడ్డలు చిదిపి, బాగా కలిపి, గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేయండి. ఎదురెదురు రెండు భాగాలు తీసేసి మిగిలింది మళ్లీ కలపండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టండి.

టమాటా ఆకుల అంచులు మాడినా, బెడ్డు భుజాల మీద తెల్లటి పొర కనిపించినా ఆ భుజాల మట్టినే విడిగా ఒక సంచిలో వేసి, ఉప్పులు ఎంతున్నాయో చెప్పే ఈసీ పరీక్షకు పంపండి. సంచి మీద తీసిన తేదీ, లోతు, బెడ్డు మీదిదా మడిదా, చివరిసారి ఎరువు ఇచ్చిన తేదీ రాయండి. వచ్చే ఏడాది కూడా ఇదే లోతులో, ఇవే స్థానాల్లో, పంట అయిపోయిన ఇదే సమయంలో తీస్తేనే రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూడటానికి పనికొస్తాయి.