మధ్యలో మానేస్తే కోచింగ్ ఫీజు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయిని విజయవాడలో నీట్ లాంగ్‌టర్మ్‌లో, హాస్టల్‌తో సహా చేర్చాం. అడ్మిషన్ 10,000, ట్యూషన్ 90,000, హాస్టల్, మెస్ 60,000, అన్నీ ఒకేసారి కట్టాను. జూన్ 16న క్లాసులు మొదలయ్యాయి. ఉండలేనని ఏడిస్తే జూలై 10న ఇంటికి తీసుకొచ్చాం. 12న ఇన్‌ఛార్జికి వాట్సాప్‌లో మానేస్తున్నామని చెప్పాను. ఆగస్టు 4న లెటర్ ఇస్తే, 30 రోజులు దాటాయి, పైసా రాదంటున్నారు. తనేమో బీఎస్సీలో చేరతానంటోంది. డబ్బు కోసం పోరాడాలా, సర్దిచెప్పి మళ్లీ అక్కడికే పంపాలా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: ముందు మీరు సంతకం పెట్టిన అడ్మిషన్ ఫారం బయటికి తీయండి. లక్షా అరవై వేలు కట్టేటప్పుడు దాని వెనక పేజీ చదివి ఉండాల్సింది. ఇప్పుడైనా చదవండి. ‘క్లాసులు మొదలైన 30 రోజుల్లో మానేస్తే ట్యూషన్ ఫీజులో సగం వాపసు’ లాంటి వాక్యం ఉందా చూడండి. వాళ్లు 30 రోజుల మాట ఎత్తుతున్నారంటే ఉండే ఉంటుంది. ఆ 30 రోజులు దేనికి? పిల్ల మానేయడానికా, లెటర్ అందడానికా? ‘రాతపూర్వకంగా తెలపాలి’ అని మాత్రమే ఉంటే, 27వ రోజున మీరు పంపిన వాట్సాప్ మెసేజ్ కూడా రాతే. అది చదివినట్టు కనిపించే స్క్రీన్‌షాట్, హాస్టల్ ఔట్‌పాస్, సామాను తీసుకెళ్లినట్టు రిజిస్టర్‌లో పెట్టిన సంతకం ఫొటో జాగ్రత్త చేయండి. మీ కేసు ఆగస్టు తేదీ మీద కాదు, జూలై తేదీల మీదే నిలబడుతుంది.

రెండోది, చాలామంది చూడనిది. ఆ షరతు ట్యూషన్ ఫీజు గురించే మాట్లాడుతూ హాస్టల్ ఊసు ఎత్తకపోతే, హాస్టల్ డబ్బు ఆపుకోవడానికి వాళ్లకు ఫారంలో ఆధారమే లేదు. పది నెలల కోర్సు అంటే సుమారు 300 రోజులు. అమ్మాయి ఉన్నది 25 రోజులు, అంటే పన్నెండో వంతు. హాస్టల్‌లో వాడుకున్నది 5,000, మిగిలింది 55,000. ట్యూషన్‌లో ఫారం ప్రకారం సగం, 45,000. వాళ్ల కాగితం మీదే లక్ష రూపాయలు రావాలి. అడ్మిషన్ ఫీజు మీద ఆశ పెట్టుకోకండి.

లెటర్‌లో మాత్రం ఇంకొంచెం ఎక్కువ అడగండి. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల ప్రకారం, మొత్తం ఫీజు కట్టి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి, హాస్టల్, మెస్ ఫీజుతో సహా, పది రోజుల్లో తిరిగివ్వాలి. ఆ లెక్కన ట్యూషన్‌లో 82,500, హాస్టల్‌లో 55,000, మొత్తం 1,37,500. ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం అమల్లోకి తెస్తేనే చట్టబలం వస్తుంది. అందుకే లెటర్‌లో ఫారం షరతు ముందు రాసి, వీటిని తర్వాత రాయండి. స్పీడ్ పోస్టులో హెడ్డాఫీసుకు పంపండి, బ్రాంచికి ఒక్కదానికే కాదు.

జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఆదేశాలు ఇవ్వలేదు గానీ, సంస్థతో మాట్లాడి తేల్చే ప్రయత్నం చేస్తుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. విజయవాడ వెళ్లక్కర్లేదు, మీరు ఉండే చోటి కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపు మొత్తానికి ఫిర్యాదు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ‘విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావు’ అని వాళ్లు వాదించొచ్చు. కోచింగ్ సెంటర్లు ఆ కోవలోకి రావని జాతీయ కమిషన్ 2020లో మను సోలంకి కేసులో చెప్పింది.

ఒక్క జాగ్రత్త. పాతికవేలు చేతిలో పెట్టి ‘ఇక ఏ బకాయీ లేదు’ అనే కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టకండి. ఇంటర్ ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే, వాటిని వెంటనే ఇవ్వమని అదే లెటర్‌లో అడగండి. డబ్బు ఆలస్యమైనా ఫర్వాలేదు, డిగ్రీ అడ్మిషన్లు మీకోసం ఆగవు.

ఇక మళ్లీ పంపే మాట. కట్టిన డబ్బు కోసం పిల్లను పంపుతారా? ఇలా అడిగే తండ్రుల్ని చాలామందిని చూశాను, కోపం వస్తోంది. లాంగ్‌టర్మ్ అంటే ఇప్పుడు ఇంటర్‌కు మూడో ఏడాదిలా తయారైంది. మొదటి ప్రయత్నంలో సీటుకు కాస్త దూరంలో ఆగి, తనంతట తాను ఇంకోసారి రాస్తానన్న పిల్లలకు అది పనికొస్తుంది. పక్కింటివాళ్లు చేర్పించారని చేర్చినవాళ్లకు పనికొస్తుందని నాకు నమ్మకం లేదు. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకు టెన్షన్ తట్టుకోలేక బయటికి రావడం ఓటమి కాదు. తనకు కావలసినదేదో 25 రోజుల్లోనే తెలుసుకుని, మిగతా తొమ్మిది నెలలు పోకుండా చూసుకుంది. భయపడాల్సిందేమీ లేదు. బయాలజీ ఇష్టమైతే బీఎస్సీ మంచి దారే. నీట్ మళ్లీ రాయాలనిపిస్తే డిగ్రీ చదువుతూ కూడా రాయొచ్చు.

‘నీ వల్లే డబ్బు పోయింది’ అని ఇంట్లో ఇప్పటికే అని ఉంటే, ఈరోజే ఆపండి. ఫారం మీద సంతకం మీది, తనది కాదు. లెటర్ మీరు రాయండి, కాలేజీ ఫారం తనను నింపనివ్వండి.